రోజుకు 3,200 అంటే గంటకు ఎంత?

ప్రశ్న: మాది మదనపల్లె. మా అబ్బాయి బీకాం పూర్తి చేసి బెంగళూరు మారతహళ్లిలో స్నేహితులతో ఉంటున్నాడు. ఒక చోట నెలకు 18,000 జీతంతో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. అది వద్దు, అప్పు తీసుకుని సీఎన్‌జీ కారు కొని యాప్‌లలో క్యాబ్ నడుపుతానంటున్నాడు. స్నేహితుడికి రోజుకు 3,200 వస్తున్నాయట. ముందుగా కట్టడానికి లక్షన్నర అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. అబ్బాయి చెప్పిన అంకె అబద్ధమని కాదు. అది చేతికి మిగిలే డబ్బు కాదు, రోజంతా తిరిగితే వచ్చిన కిరాయిల మొత్తం. ఆ మొత్తం గంటకు ఎంతగా మిగులుతుందో మీరిద్దరూ కూర్చుని చూడాలి. నేను ఒక ఉదాహరణ లెక్క వేసి చూపిస్తాను. అంకెలు మీ అబ్బాయికి దొరికే బండిని, అప్పును బట్టి కొంత మారతాయి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

యాప్ తెరిచి ఉంచేది 12 గంటలు, నెలకు 26 రోజులు అనుకుందాం. 3,200ను 12తో భాగిస్తే గంటకు 267 రూపాయలు. అబ్బాయి కళ్ల ముందు మెదులుతున్నది ఈ అంకే. ఇందులో కమిషన్ 20 శాతం అయితే రోజుకు 640 పోతుంది. సొంత బండి నడిపే డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలని కేంద్రం 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి, కాబట్టి 20 శాతం అనుకోవడం సమంజసమే. నగదు ఇచ్చిన ప్రయాణాలలో డబ్బంతా జేబులోనే ఉంటుంది. కంపెనీ వాటా మాత్రం యాప్‌లో బాకీగా పేరుకుంటుంది. కొత్తవాళ్లు సాయంత్రం జేబు చూసుకుని మోసపోయేది ఇక్కడే.

తరువాత ఇంధనం. ప్రయాణికుడిని ఎక్కించుకుని తిరిగింది 125 కిలోమీటర్లయితే, ఎక్కించుకోవడానికి వెళ్లినవి, దింపి ఖాళీగా వచ్చినవి మరో 65 ఉంటాయి. కిరాయి 125కే వస్తుంది, గ్యాసు 190కీ కాలుతుంది. ఊరి రద్దీలో ఏసీ వేసుకుని కిలోకు 20 కిలోమీటర్లు, కిలో ధర సుమారు 90 అనుకుంటే రోజుకు 855 రూపాయలు. చిన్న కారు సిలిండరులో పట్టే గ్యాసుతో ఇంత దూరం తిరగాలంటే దాదాపు ప్రతిరోజూ బంకు దగ్గర వరుసలో నిలబడాలి. ఆ సమయాన్నీ, బండి కడిగే సమయాన్నీ కలిపితే పని దినం 13 గంటలు. నెలకు 338 గంటలు. భాగించవలసింది ఈ అంకెతో.

నెల మొత్తం చూస్తే కిరాయిలు 83,200. కమిషన్ 16,640, గ్యాసు 22,230 పోగా 44,330 మిగులుతుంది. ఇక ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు ఒకటుంది. నెలకు దాదాపు 5,000 కిలోమీటర్లు తిరిగే బండికి రెండు నెలలకొకసారి సర్వీసింగ్ వస్తుంది, ఎనిమిది నెలలకు నాలుగు టైర్లూ మార్చవలసి వస్తుంది. బ్రేకులు, క్లచ్ కూడా కలుపుకుని నెలకు 5,500 పక్కన పెట్టాలి. ఆ నెల చెల్లించినా చెల్లించకపోయినా అరుగుదల జరిగిపోయినట్టే. ఫోను, పార్కింగ్, వాషింగ్‌కు 1,500. మిగిలింది 37,330.

దీనిలోంచి అప్పు తీర్చాలి. ఆరు లక్షలు, ఐదేళ్లు, 11 శాతం వడ్డీ అయితే నెల వాయిదా 13,045. ఎల్లో బోర్డు బండికి బీమా సొంత కారు బీమా కంటే ఎక్కువ, ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000. రెండూ పోగా 21,285. దాన్ని 338తో భాగిస్తే గంటకు 63 రూపాయలు. 267తో మొదలైన అంకె ఇక్కడికి దిగింది.

వాయిదా కట్టేస్తే కారు మనదే కదా అని అబ్బాయి అంటాడు. నిజమే. కానీ ఐదేళ్లకు ఆ బండి మూడు లక్షల కిలోమీటర్ల దగ్గరికి చేరుతుంది. అప్పుడు దానికి వచ్చే ధర తక్కువ. మీరిచ్చే లక్షన్నర ఈ లెక్కలో ఎక్కడా చేరలేదని కూడా గమనించండి.

వాయిదా, బీమా కలిపి 16,045. పై లెక్కలో రోజుకు మిగిలేది 1,436. అంటే నెలలో మొదటి పదకొండు రోజులు అచ్చంగా అప్పు ఇచ్చినవాడి కోసం, బీమా కోసం నడపడమే. ఆ నెలలో ఆరు రోజులు జ్వరంతో పడుకుంటే 12,670 మాత్రమే మిగులుతుంది, గంటకు 49 రూపాయలు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 63 కాదు, ఇదే. జ్వరం వచ్చిన రోజున కూడా కారు తీయక తప్పదని 23 ఏళ్ల పిల్లవాడు అనుకోవడం నాకు ఇష్టం లేదు.

గంట ఎలా ఇంత అగ్గువ అవుతుందో ఒక ప్రయాణంలో చూడండి. సాయంత్రం ఆరున్నర, మారతహళ్లి నుంచి బెళ్లందూరుకు 6 కిలోమీటర్లు, కిరాయి 180. ఎక్కించుకోవడానికి మూడున్నర కిలోమీటర్లు వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మొత్తం 65 నిమిషాలు పట్టింది. కమిషన్, గ్యాసు, అరుగుదల పోగా 90 మిగులుతుంది, గంటకు 83. వాయిదా, బీమాల భారం గంటకు 47 దాకా ఉంది, కాబట్టి నిజంగా మిగిలేది 36. అదే దూరం ఉదయం ఆరుకు అరగంటలో ముగిస్తే అదే 90 అరగంటలోనే వస్తుంది. సాయంత్రం కిరాయి కొంత పెరుగుతుంది కానీ, పట్టే సమయం పెరిగినంతగా పెరిగితేనే లాభం. ఈ పనిలో ఆదాయాన్ని నిర్ణయించేది మొత్తం గంటలు కాదు, ఏ గంటలో ఎంత ఖాళీగా తిరిగారన్నదే.

కమిషన్ బదులు రోజుకింతని చందా తీసుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. బెంగళూరులో నమ్మ యాత్రి ఈ దారిలో నడిచింది. 640 బదులు రోజుకు 100 కట్టి అవే కిరాయిలు వస్తే నెలకు 14,040 అదనంగా మిగిలి గంటకు 104 దాకా వస్తుంది. అది మంచి అంకె. అన్ని కిరాయిలూ ఆ ఒక్క యాప్‌లోనే దొరుకుతాయా అన్నది మాత్రం అబ్బాయే స్వయంగా నడిపి తెలుసుకోవాలి.

18,000 ఉద్యోగం వైపు చూడండి. రోజుకు 9 గంటలు, 26 రోజులు అయితే 234 గంటలు, గంటకు 77 రూపాయలు. అప్పు లేదు, జ్వరం వస్తే సెలవు ఉంది. అకౌంట్స్‌లో రెండేళ్ల అనుభవం జీతాన్ని పెంచుతుంది. క్యాబ్‌లో రెండేళ్లు గడిస్తే పెరిగేది బండి వయసు.

అయినా అబ్బాయికి డ్రైవింగ్ మీద మనసుంటే కొనడానికి ముందు రెండు నెలలు అద్దె బండి నడపమనండి. ఒక నోటుబుక్‌లో ఇంటి నుంచి బయలుదేరిన సమయం, తిరిగి వచ్చిన సమయం, ఓడోమీటరు ఉదయం ఎంత, రాత్రి ఎంత, గ్యాసు బిల్లు, కంపెనీ బాకీ తీసివేశాక మిగిలిన డబ్బు రాయాలి. యాప్ తెర మీద కనిపించే మొత్తం రాయకూడదు. టోల్ తిరిగి ఇచ్చినదీ, వారం వారం మారే ప్రోత్సాహకాలూ అందులో కలిసి ఉంటాయి. ప్రోత్సాహకాలు వేరే గడిలో రాస్తే అవి ఆగిపోయిన నెలలో ఏం మిగులుతుందో కూడా తెలుస్తుంది.

రెండు నెలల తరువాత అద్దె కొట్టేసి, దాని స్థానంలో వాయిదా, బీమా, సర్వీసింగ్ పెట్టి మళ్లీ భాగించండి. గంటకు 90 దాటితే లక్షన్నర ఇవ్వండి, అప్పు నాలుగు లక్షలకు మించకుండా చూసుకోండి. 77 కంటే తక్కువ వస్తే ఆ నోటుబుక్ అబ్బాయి ముందు పెట్టండి, నిర్ణయం తననే చెప్పనివ్వండి. ఈలోగా ఆ ఉద్యోగంలో చేరే తేదీని రెండు నెలలు వాయిదా వేయగలరేమో అడిగి చూడమనండి. కుదరదంటే ముందు ఉద్యోగంలో చేరి, ఆదివారాలు అద్దె బండి నడిపినా లెక్క తెలుస్తుంది, కాకపోతే నాలుగు నెలలు పడుతుంది.