వ్యాపారం మొదలుకాకముందు పెట్టిన ఖర్చంతా ‘ప్రిలిమినరీ ఎక్స్‌పెన్సెస్’లో వేయొచ్చా?

ప్రశ్న: “కంపెనీ ఇంకా వ్యాపారం మొదలుపెట్టలేదు. రిజిస్ట్రేషన్, అద్దె, సామాను, జీతాలు, ప్రకటనలు అన్నీ కలిపి నా జేబులోంచే చాలా పెట్టేశాను. ఇదంతా ఒకే పద్దు కింద ఆస్తిగా చూపించి ఐదేళ్లలో కొంచెం కొంచెంగా రైట్ ఆఫ్ చేసుకోవచ్చా?”

వద్దు. సరిగ్గా ఇదే పని చేసి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక ఫిజియోథెరపీ సెంటర్ పెట్టాం. తలుపులు తెరిచేలోపు అయిన ఖర్చును 100 అనుకోండి. అందులో కంపెనీ రిజిస్ట్రేషన్, లాయర్ ఫీజు 4. బిల్డింగ్ ఓనర్‌కి ఇచ్చిన డిపాజిట్ 12. పార్టిషన్లు, వైరింగ్, మెషీన్లు 50. మూడు నెలల అద్దె 15. జీతాలు, శిక్షణ 9. ప్రకటనలు 6. జెల్, టేపుల లాంటి సరుకు 4. మాకు లెక్కలు రాసే కుర్రాడు ఈ 100నీ ఒకే పద్దులో పడేసి, ఏడాదికి 20 చొప్పున ఖర్చు రాశాడు. ఆ లెక్కన మొదటి ఏడాది 10 లాభం వచ్చింది. అందులో సగం పంచుకుందామని కూడా అనుకున్నాం.

ఏడాది చివర ఆడిటర్ వచ్చి ఆ పద్దు తెరిచి, ముందు డిపాజిట్ మీద వేలు పెట్టారు. “ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చే డబ్బులో ఐదో వంతు ఎలా ఖర్చయింది?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆ 100ని మళ్లీ ముక్కలు చేశారు.

డిపాజిట్ 12 అలాగే ఆస్తిగా ఉండిపోయింది. పార్టిషన్లు, మెషీన్లు 50 స్థిరాస్తి; పదేళ్లు వాడతామని అంచనా వేసి ఏడాదికి 5 తరుగుదల. సరుకు 4 మొదట స్టాకు, ఆ ఏడాదిలోనే వాడేశాం కాబట్టి ఖర్చు. మిగిలిన రిజిస్ట్రేషన్, అద్దె, జీతాలు, ప్రకటనలు కలిపి 34. అది పూర్తిగా ఆ ఏడాది ఖర్చే, వాయిదాలు లేవు. అంటే 20 రాసిన చోట 43 రాయాల్సి వచ్చింది. 10 లాభం కాస్తా 13 నష్టమైంది. ఆ లాభాన్ని ముందే పంచేసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో ఐఏఎస్ 38 ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది. కంపెనీని ఏర్పాటు చేయడానికైన లీగల్, సెక్రటేరియల్ ఖర్చులు, కొత్త చోటు తెరవడానికి ముందు అయ్యే ఖర్చులు అయినప్పుడే ఖర్చుగా రాసేయాలి. కారణం కూడా సబబే. వాటివల్ల ముందు ముందు మేలు జరగొచ్చు, కానీ అమ్మడానికో, వాడుకోవడానికో మన చేతిలో విడిగా ఒక వస్తువు మిగలదు. తెరవకముందు కట్టిన అద్దెను తర్వాత ఎవరికీ అమ్మలేం కదా. (చాలా ఏళ్ల లీజుకు ఈ ప్రమాణాల్లో పద్ధతి వేరు. మాది నెలవారీ అద్దె.) కొత్త షేర్లు జారీ చేయడానికి నేరుగా అయిన ఖర్చు మాత్రం లాభనష్టాల్లోకి రాదు, మూలధనంలోంచి తగ్గిస్తారు.

అసలు చిక్కంతా ఒకే బిల్లులో రెండు రకాల ఖర్చులు కలిసి వచ్చినప్పుడు. మెషీన్లు అమ్మినవాళ్లు మాకిచ్చిన బిల్లులో చివరి లైను “ఇన్‌స్టలేషన్ అండ్ ట్రైనింగ్” అని ఒకే మొత్తంగా ఉంది. మెషీన్ తెచ్చి, బిగించి, సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించిన ఖర్చు మెషీన్ ధరలో కలుస్తుంది. అదే మనిషి మరుసటి రోజు మా స్టాఫ్‌కి దాన్ని వాడటం నేర్పిన ఖర్చు కలవదు, అది ఆ ఏడాది ఖర్చు. ఆ లైనును రెండుగా విడగొట్టి ఇవ్వమని ఏడాది తర్వాత అడిగితే ఎవరు పట్టించుకుంటారు? కొటేషన్ తీసుకునేటప్పుడే అడగండి. పార్టిషన్లు వేసిన కాంట్రాక్టర్ బిల్లులో ప్రారంభోత్సవం బ్యానర్లు, క్లీనింగ్ కలిసినా ఇంతే.

తరుగుదల మొదటి కస్టమర్ వచ్చిన రోజు నుంచి అనుకుంటారు చాలామంది. కాదు, మెషీన్ వాడకానికి సిద్ధమైన రోజు నుంచి. మా మెషీన్లు బిగించి పెట్టాక ఓపెనింగ్ కొన్ని వారాలు ఆలస్యమైంది. ఆ వారాల తరుగుదల కూడా లెక్కలోకి వచ్చింది. పైన చెప్పిన 15 అద్దెలో 5 కూడా ఆ ఆలస్యం పుణ్యమే. రెండు నెలలనుకున్నది మూడైంది. స్టాఫ్‌ని మాత్రం ముందనుకున్న తేదీకే చేర్చుకున్నాం. అందుకే ఓపెనింగ్ తేదీ వాయిదా పడితే రోజుకి ఎంత పోతుందో ముందే ఒక అంకె వేసుకోండి. నేను వేసుకోలేదు.

ఇన్‌కమ్ టాక్స్ లెక్క వేరు, దీనితో కలపకండి. ఐదేళ్ల మాట మీకు అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. భారత్‌లో కొన్ని రకాల ప్రాథమిక ఖర్చులను, అదీ ఒక పరిమితి వరకే, ఐదు సమాన వాయిదాల్లో మినహాయిస్తారు. అమెరికాలో అయితే మొదట కొంత మినహాయించి, మిగతాది 180 నెలలకు పరుస్తారు. బ్రిటన్‌లో వ్యాపారం మొదలుకావడానికి ముందు ఏడేళ్లలోపు పెట్టిన మామూలు ఖర్చులను మొదటి రోజే పెట్టినట్టు చూస్తారు, కానీ కంపెనీ ఏర్పాటు ఖర్చుకు ఆ వెసులుబాటు లేదు. ఎక్కడైనా సరే, అది టాక్స్ కాగితాల్లో వేసే లెక్క. మీ బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తి ఉందనడానికి అది ఆధారం కాదు. వ్యాపారం ఏ తేదీన మొదలైనట్టు అన్నది మాత్రం టాక్స్‌లో కీలకం. మొదటి బిల్లు, మొదటి బుకింగ్ కాగితం దాచిపెట్టండి.

ఇక మీ జేబులోంచి పెట్టిన డబ్బు. కంపెనీ పుట్టకముందు దాని పేరు మీద బిల్లు రాదు, మీ పేరు మీదే వస్తుంది. కంపెనీ ఏర్పడ్డాక మొదటి బోర్డు మీటింగ్‌లోనే ఆ ఖర్చుల జాబితా పెట్టి, వీటిని కంపెనీ భరిస్తుందని తీర్మానం రాయించండి. తర్వాత ఒక్కో ఖర్చునూ దాని పద్దులో డెబిట్ చేసి, మీ పేరు మీద డైరెక్టర్ లోన్ ఖాతాలో, అంటే కంపెనీ మీకు బాకీ ఉన్నట్టు, క్రెడిట్ చేయాలి. మీ పేరు మీదున్న బిల్లులకు సేల్స్ టాక్స్ లాంటివి కంపెనీ వెనక్కి తీసుకోగలదో లేదో అకౌంటెంట్‌ని ముందే అడగండి.

ఇంకొకటి. బిల్లులు వచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీయండి. మా బిల్లుల్లో సగం షాపుల్లో బిల్లింగ్ మెషీన్‌లోంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీదే ఉన్నాయి. ఎనిమిది నెలలకు ఫైలు తీసి చూస్తే కొన్నింటి మీద అక్షరం లేదు, ఉత్త తెల్లకాగితాలు. ఆ మొత్తాన్ని నా లోన్ ఖాతాలో వేయడానికి ఆడిటర్ ఒప్పుకోలేదు. నేను పెట్టిన డబ్బే, నాకు తిరిగి రాలేదు.