కంప్లైంట్ కోసం రాసుకునే నోట్స్ నెలల తర్వాత కూడా నిలబడాలంటే ఎలా రాయాలి?

ప్రశ్న: మా సూపర్‌వైజర్ అందరి ముందూ అరుస్తున్నాడు, షిఫ్టులు ఇష్టం వచ్చినట్టు మారుస్తున్నాడు. కంప్లైంట్ ఇప్పుడే పెట్టే ధైర్యం లేదు కానీ, జరిగినవన్నీ తేదీలతో రాసుకోమని ఫ్రెండ్ చెప్పింది. ఫోన్‌లో రాస్తే చాలా, నోట్‌బుక్ కావాలా? ఆరు నెలల తర్వాత ఎవరైనా చూస్తే నమ్మేలా ఎలా రాయాలి?

జవాబు:

నేను కొన్నేళ్లుగా మా సంస్థలో ఉద్యోగుల ఫిర్యాదులు విచారించే కమిటీలో ఉన్నాను. ఇలాంటి నోట్స్ చాలా చదివాను. వాటిని చదివేవాళ్లు ఏం వెతుకుతారో తెలిస్తే ఎలా రాయాలో మీకే అర్థమవుతుంది. మేం మొదట చూసేది ఎంత ఘోరం జరిగింది అన్నది కాదు. ఇది ఎప్పుడు రాశారు, ఇందులో బయటి రికార్డుతో సరిచూడగలిగేది ఏముంది అన్నవే మొదట చూస్తాం. ఈ రెండూ గట్టిగా ఉంటే మిగతాది కూడా నమ్మబుద్ధి అవుతుంది.

ఒక కేసు చెబుతాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఒకామె రాత్రి షిఫ్టులో పనిచేసేది. సమస్య మీలాంటిదే. విచారణ మొదలయ్యేసరికి ఏడు నెలలు దాటింది. టైప్ చేసి ఇచ్చిన ఫిర్యాదులో ఆమె "మార్చి 15న నన్ను అందరి ముందూ తిట్టారు" అని రాసింది. సూపర్‌వైజర్ జవాబు ఒక్క వాక్యమే: ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. హాజరు రికార్డు తీస్తే నిజంగానే ఆయన సెలవులో ఉన్నారు. ఆ క్షణంలో ఆమె మాట మొత్తం అబద్ధంలా కనిపించింది. అప్పుడు ఆమె నోట్‌బుక్ అడిగి ఆ పేజీ తీశాం. అందులో ఇలా ఉంది:

"జరిగింది: 2024 మార్చి 14, గురువారం, రాత్రి సుమారు 11:40. లోడింగ్ దగ్గర, రెండో గేటు పక్కన. అక్కడ ఉన్నవాళ్లు: సూపర్‌వైజర్, నేను, ప్యాకింగ్‌లో పనిచేసే ఇద్దరు. నా షీట్‌లో రెండు పెట్టెల లెక్క తగ్గింది. ఆయన గట్టిగా 'నీకు లెక్క రాదా, ఇంటికి పో' అన్నారు. మాటలు ఇవే. తర్వాత నా షిఫ్టు గురించి ఏదో అన్నారు, కచ్చితమైన మాటలు గుర్తులేవు, వచ్చే వారం మారుస్తాను అనే అర్థంలో. నేను 'మళ్లీ లెక్కపెడతాను సార్' అన్నాను. ప్యాకింగ్ వాళ్లలో ఒకరు పక్కనే ఉన్నారు. రెండోవారు దూరంగా ఉన్నారు, విన్నారో లేదో తెలీదు. 11:52కి ఆయనే షిఫ్ట్ గ్రూప్‌లో ఆ లెక్క గురించి మెసేజ్ పెట్టారు.
రాసింది: మార్చి 15, శుక్రవారం, అర్ధరాత్రి దాటాక 12:25, రెస్ట్ రూమ్‌లో."

ఇద్దరు ప్యాకింగ్ వాళ్ల పేర్లు, సూపర్‌వైజర్ పేరు ఆమె పూర్తిగా రాసింది, ఇక్కడ నేను తీసేశాను. తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. ఫిర్యాదు టైప్ చేసేటప్పుడు జరిగిన తేదీకి బదులు రాసిన తేదీ ఎక్కించింది. నోట్‌బుక్‌లో రెండు తేదీలూ విడివిడిగా ఉండబట్టి ఒక్క నిమిషంలో తేలిపోయింది. 14వ తేదీ రాత్రి ఆయన డ్యూటీలో ఉన్నట్టు హాజరులో ఉంది, 11:52 మెసేజ్ గ్రూప్‌లో ఉంది. రాసిన తేదీ ఒక్కటే ఉండి ఉంటే ఆ ఆరోపణను మేం పక్కన పెట్టాల్సి వచ్చేది.

అందుకే ప్రతిసారీ రెండు తేదీలూ, రెండు సమయాలూ రాయండి: జరిగింది ఎప్పుడు, రాసింది ఎప్పుడు. వారం పేరు కూడా వేయండి. తేదీ తప్పు పడితే వారం పేరు దాన్ని పట్టిస్తుంది. రాత్రి షిఫ్టులో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకే షిఫ్టులో తేదీ మారిపోతుంది.

ఆ పేజీలో నాకు బాగా నమ్మకం కలిగించినవి ఇంకో రెండు ఉన్నాయి. రెండు పెట్టెల లెక్క తగ్గిందని ఆమె తనంతట తానే రాసుకుంది. సూపర్‌వైజర్ విచారణలో మొదట ఎత్తింది ఆ విషయమే, "పని తప్పు చేస్తే అడగకూడదా" అని. అది ముందే నోట్‌బుక్‌లో ఉండేసరికి ఆ వాదనకు బలం పోయింది. ప్రశ్న లెక్క గురించి కాకుండా ఆయన మాట్లాడిన తీరు గురించి మిగిలింది. మీరు కూడా మీకు అనుకూలం కానివి దాచకండి. మీరు గొంతు పెంచి ఉంటే అది రాయండి, ఆ రోజు ఆలస్యంగా వచ్చి ఉంటే అదీ రాయండి. రెండోది, గుర్తున్న మాటలనూ గుర్తులేని మాటలనూ ఆమె విడదీసింది. కచ్చితంగా విన్నవి కోట్స్‌లో పెట్టి, మిగతావాటికి "ఈ అర్థంలో" అని రాసింది. నెలల నాటి సంభాషణలు అన్నీ అక్షరం పొల్లుపోకుండా కోట్స్‌లో కనిపిస్తే చదివేవాళ్లకు అనుమానమే వస్తుంది.

దీని పక్కన మామూలుగా మాకు వచ్చే నోట్స్ పెట్టి చూడండి: "ఈరోజు కూడా అవమానించాడు. ఎప్పుడూ ఇంతే. కావాలనే చేస్తున్నాడు." బాధ నిజమే, అందులో నాకు సందేహం లేదు. కానీ దీన్ని దేనితో సరిచూడాలి? "కావాలనే" అన్నది ఆయన మనసులో మాట, మీరు చూసింది కాదు. మీకు కనిపించింది, వినిపించింది రాయండి. మీ మీద పడిన ప్రభావాన్ని కూడా అలాగే రాయొచ్చు: "టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, మర్నాడు సెలవు పెట్టాను" అంటే సెలవు రికార్డు దానికి తోడు నిలుస్తుంది. షిఫ్టు మార్పుల విషయంలో అయితే పాత షిఫ్టు ఏది, కొత్తది ఏది, మీకు ఎప్పుడు, ఎలా చెప్పారు, ఇంకెవరిదైనా మారిందా అన్నవి రాయండి. మీ ఒక్కరిదే మారిందా, అందరిదీ మారిందా అన్నది విచారణలో తప్పకుండా వచ్చే ప్రశ్న.

ఇక ఫోనా, నోట్‌బుక్కా అంటే, నా ఓటు కుట్టిన నోట్‌బుక్‌కే. పేజీ ఊడదీస్తే తెలిసిపోతుంది. మొదటిరోజే పేజీలన్నిటికీ నంబర్లు వేయండి, మధ్యలో ఖాళీలు వదలొద్దు. తప్పు పడితే వైట్నర్ వాడకుండా, కింద మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. ఫోన్ నోట్స్ యాప్‌తో చిక్కేమిటంటే, ఒక్క కామా మార్చినా చాలా యాప్‌లు "చివరిసారి మార్చింది" అని కొత్త తేదీ చూపిస్తాయి. ఎక్సెల్ షీట్ కూడా అంతే, ఏ వరుస ఎప్పుడు చేర్చారో తేల్చడం కష్టం. ఫోన్ తప్ప వేరే దారి లేకపోతే, ప్రతి సంఘటనా రాసిన వెంటనే మీ సొంత ఈమెయిల్ నుంచి మీకే పంపుకోండి. మెయిల్ వెళ్లిన సమయం దానిమీద ఉంటుంది, ఆ తర్వాత దాన్ని దిద్దడం కుదరదు. నోట్‌బుక్ రాసేవాళ్లు కూడా పేజీ ఫోటో తీసి ఇలాగే పంపుకుంటే ఇంకా మంచిది, పుస్తకం పోయినా కాపీ ఉంటుంది. కంపెనీ లాప్‌టాప్‌లో, కంపెనీ మెయిల్‌లో మాత్రం పెట్టకండి. ఏ రోజు మీ లాగిన్ ఆపేసినా నోట్స్ అన్నీ అక్కడే ఉండిపోతాయి.

మీరు ఇప్పటికే కొంతకాలంగా ఇది పడుతున్నారని మీ ప్రశ్న చదివితే అనిపిస్తోంది. పాతవి కూడా రాయండి, కానీ అప్పుడే రాసినట్టు రాయొద్దు. పైన "ఈ తేదీన గుర్తు తెచ్చుకుని రాస్తున్నాను" అని వేసి, తేదీ తెలియకపోతే "ఆడిట్ జరిగిన వారం, మంగళవారమో బుధవారమో" అన్నట్టు రాయండి. గుర్తుచేసుకుని రాసినదానికి విలువ కొంచెం తగ్గుతుంది, అంతే. అదే పాత తేదీ వేసి ఇప్పుడు రాసినట్టు బయటపడితే నిజంగా అప్పటికప్పుడు రాసిన పేజీలను కూడా ఎవరూ నమ్మరు. ఒకే పెన్ను, ఒకే తీరు రాత, ఒకేలాంటి వాక్యాలు పేజీల తరబడి కనిపిస్తే మాకు తెలిసిపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. నోట్స్ నెలలు ఆగుతాయి గానీ, వాటికి సాక్ష్యంగా నిలిచే రికార్డులు ఆగవు. సీసీటీవీ ఫుటేజ్ చాలా చోట్ల కొన్ని వారాల్లోనే దానంతటదే చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. చాట్ గ్రూపుల్లో పాత మెసేజ్‌లు ఆటోమేటిక్‌గా పోయే సెట్టింగ్ ఉండొచ్చు. కాబట్టి పెద్ద సంఘటన జరిగినప్పుడు, కంప్లైంట్‌కు ఇంకా సిద్ధంగా లేకపోయినా, ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా చోటి ఫుటేజ్ దాచి ఉంచమని హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా అడగడం గురించి ఆలోచించండి. దానితో విషయం వాళ్లకు తెలిసిపోతుంది, అది నిజమే. ఆ రిస్క్ ఎప్పుడు తీసుకోవాలో మీరే నిర్ణయించుకోవాలి. మీకు నేరుగా వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పంపినవాళ్ల పేరు, తేదీ, దాని ముందూ వెనకా మెసేజ్‌లు కూడా కనిపించాలి. ఒక్క లైన్ కత్తిరించి ఇస్తే "ముందు తను ఏమందో చూపించలేదు" అంటారు.

కంపెనీ ఫైళ్లను, కస్టమర్ల వివరాలున్న మెయిళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకండి. రూల్ తప్పారని మీ మీదే చర్య మొదలు కావచ్చు. మెయిల్ ఎవరు పంపారు, సబ్జెక్ట్ ఏమిటి, తేదీ, సమయం ఏమిటి అని నోట్‌బుక్‌లో రాస్తే చాలు, విచారణలో దాన్ని తెప్పించమని అడగొచ్చు. రహస్యంగా ఆడియో రికార్డ్ చేసే విషయంలో చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, లాయర్‌ని అడగకుండా చేయొద్దు. ఫిర్యాదు ఇవ్వడానికి గడువు ఏమైనా ఉందేమో కూడా అప్పుడే అడగండి. నోట్స్ పోగవుతున్నాయి కదా అని ఆగితే గడువు దాటిపోవచ్చు.

ఈ పుస్తకంలో ఇంటి విషయాలు, లాయర్ చెప్పినవి కలపొద్దు. రేపు మొత్తం పుస్తకం చూపించమంటే, అవతలివాళ్లు కూడా చదివే అవకాశం ఉంది.

ఫిర్యాదు ఇచ్చేరోజు పుస్తకం చేతిలో పెట్టేయకండి. ఒకటి రెండు పేజీల్లో తేదీల వరుసలో సంఘటనలు రాసి, ఒక్కోదాని పక్కన నోట్‌బుక్ పేజీ నంబర్ వేయండి. టైప్ చేశాక ప్రతి తేదీనీ పుస్తకంలోని "జరిగింది" అన్న తేదీతో వేలు పెట్టి సరిచూసుకోండి. ఆ పేజీల కాపీలు జతచేయండి, అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకుని అడిగినప్పుడు చూపించండి. అందినట్టు తేదీతో సంతకమో, మెయిల్‌లో జవాబో తీసుకుని, ఆ విషయం కూడా పుస్తకంలో తర్వాతి పేజీలో రాయండి. ఫిర్యాదు ఇచ్చాక రాయడం ఆపొద్దు. ఆ తర్వాత షిఫ్టులు ఎలా మారాయి, ఎవరు ఎలా మాట్లాడారు అన్నది విడిగా మరో ఫిర్యాదుకు ఆధారం కావచ్చు.