అనుభవదారు అంటే సొంతదారేనా?

సందేహం: ప్రకాశం జిల్లా కొండపి దగ్గర మా తమ్ముడు పొలం బేరమాడాడు. అమ్మే ఆయన ఇచ్చిన అడంగల్లో పట్టాదారు కింద ఒక పేరు, అనుభవదారు కింద ఆయన పేరు ఉన్నాయి. "అనుభవించేవాడే గదమ్మా సొంతదారు" అంటున్నాడు. ఆ మాటకు అర్థం అదేనా? విస్తీర్ణం 2.20 అని ఉంది, రెండున్నర ఎకరాలని చదవొచ్చా? నకలు జత చేస్తున్నాను. – ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: కాదు. రెండో ప్రశ్నకూ అదే జవాబు.

మామూలు మాటల్లో ఆస్తి అనుభవించడమంటే ఆస్తి ఉండటమే. అమ్మే ఆయన ఆ అర్థం మీదే నిలబడ్డాడు. రెవెన్యూ తెలుగులో మాత్రం అనుభవం అంటే పొలం చేతిలో ఉండటం, దున్నుకుని ఫలసాయం తీసుకోవడం, అంతే. ఎవరి హక్కుతో ఉంది అన్నది వేరే సంగతి. దస్తావేజు రాసేవాళ్లు ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పాటిస్తారో చూడండి: "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలరు" అని రాస్తారు. అనుభవించడంలోనే హక్కులన్నీ ఇమిడి ఉంటే ముందు ఆ తోరణమంతా కట్టనక్కర్లేదు. పాత ధర్మశాస్త్రాల్లోనూ హక్కు వచ్చిన దారిని ఆగమం అన్నారు, చేతిలో ఉండటాన్ని భోగం అన్నారు. మన అనుభవం ఆ భోగమే. సంస్కృతపు అనుభవానికి పారసీ 'దారు' తగిలించి అనుభవదారును చేశారు, పట్టాదారు లాగే. మాటలు ఒక అచ్చులో పోసినట్టున్నాయి కాబట్టి రెండూ ఒకే బరువనిపిస్తుంది.

అడంగలు అన్న మాట మనకు తమిళం నుంచి వచ్చింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు మద్రాసు రాజధాని కింద ఉండేవి మరి. అడంగు అంటే ఇమిడి ఉండటం, మన పాత తెలుగు 'అడఁగు'కు చుట్టం. ఊళ్లోని పొలాలన్నీ ఇందులో ఇమిడి ఉంటాయి. మీరుండే వైపు దీన్నే పహాణీ అంటారు. ఇది సర్వే నంబరు పట్టుకుని నడిచే లెక్క: ఈ పొలం ఎవరి పేర ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఏం పండింది అని ఏటేటా రాసుకునేది. మనిషిని, అంటే ఖాతాను పట్టుకుని నడిచేది వన్-బి. అది కూడా తెప్పించుకోండి.

ఇక మీ నకలు. ఒకే సర్వే నంబరుకు రెండు వరుసలున్నాయి. మొత్తం విస్తీర్ణం 4.80 అని రెండింటిలోనూ ఉంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: ఆ 4.80 ఆ నంబరు మొత్తానిది, ఏ ఒక్కరిదీ కాదు. రెండు 4.80లు కలిపి తొమ్మిదెకరాలు దాటిందనుకున్నవాళ్లనూ చూశాను. మనిషి వాటా తెలిసేది 'అనుభవదారు విస్తీర్ణం' గడిలో. అందులో మొదటి వరుసకు 2.20, రెండోదానికి 2.60. కలిపితే 4.80 సరిపోయింది.

ఆ చుక్క తర్వాతివి సెంట్లు. నూరు సెంట్లు ఎకరం కాబట్టి 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు, అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర. హైదరాబాదులో స్థిరపడినందుకు మీకు ఆ లెక్క అలవాటైంది. కొండపిలో అలా చదివితే లేని 30 సెంట్లకు డబ్బు కడతారు. సెంటుకు 48.4 గజాల చొప్పున అది 1,452 చదరపు గజాలు. నోటితో చెప్పేటప్పుడు ఇంకో చిక్కుంది. "రెండు పాయింట్ అయిదు" అంటే 2.05నా, 2.50నా? ఫోన్లో బేరం మాట్లాడితే ఎకరాలు ఇన్ని, సెంట్లు ఇన్ని అని విడదీసి చెప్పించుకోవాలి.

రెండు వరుసల్లోని అనుభవదారులకూ తండ్రి పేరు ఒకటే. ఆ అన్నదమ్ములకు 2.20, 2.60 అని హెచ్చుతగ్గులు ఎందుకొచ్చాయా అని నేనూ కాసేపు ఆలోచించాను. 'సాగుకు పనికిరానిది' గడిలో 0.40 ఉంది. 4.80లో అది తీసేస్తే 4.40, దానిలో సగం 2.20. సాగు నేలను చెరిసగం చేసుకుని, ఏ వాగో బండో ఉన్న 40 సెంట్లు రెండో వరుసలోని ఆయన వైపు పడేసినట్టుంది. ఇది నా ఊహే. పొలానికి వెళ్లి ఆ 40 సెంట్లు ఏ పక్కనున్నాయో కళ్లతో చూడండి. అమ్మే ఆయన వైపే ఉంటే, కొనే 2.20లో దున్నుకోగలిగేది 1.80 మాత్రమే.

అసలు చిక్కు పట్టాదారు గడిలో ఉంది. రెండు వరుసల్లోనూ అక్కడున్నది ఒకే పేరు, అనుభవదారుల తండ్రి పేరు గడిలోనూ అదే పేరు. 'అనుభవ స్వభావం' దగ్గర వారసత్వం అని రాశారు. అంటే పట్టా ఇంకా తండ్రిగారి పేరనే ఉంది, కొడుకులు పంచుకుని దున్నుకుంటున్నారు. ఆయన కాలం చేశారా, ఆడపిల్లలు ఉన్నారా, రిజిస్టరైన భాగపరిష్కారం ఉందా అన్నవి అడంగలు చెప్పదు. కూతుళ్ల పేర్లు అందులో లేవంటే వాళ్లు దున్నడం లేదని అర్థం, వాటా లేదని కాదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడిగి, అందులో ఉన్నవాళ్లందరి సంతకాలూ దస్తావేజులో పడేలా చూసుకోవాలి. ఈసీ, లింకు దస్తావేజులు లాయరుకు చూపించడం ఎలాగూ తప్పదు.

తండ్రి పేరు గడిని తేలిగ్గా తీసుకోవద్దు. మా వైపు మాల్యాద్రి, మాలకొండయ్య వీధికొకరుంటారు, ఇంటిపేర్లు కూడా కలుస్తాయి. మా నాన్నగారి పొలానికి ఒకసారి ఆయన పేరే ఉన్న ఇంకో పెద్దమనిషి తండ్రి పేరు ఎక్కింది. దాన్ని దిద్దించడానికి రెండేళ్లు తిరిగాం.

చివరి గడి పంట. పైన ఫసలీ 1434 అని ఉంది చూడండి, దానికి 590 కలిపితే 2024 వస్తుంది. ఆ ఏడు జులై నుంచి 2025 జూన్ దాకా అన్నమాట. ఫసలీ అరబ్బీ మాట, పంటకాలమని అర్థం. మీ కాగితంలో ఆ ఏడు కంది అని ఉంది. ఒక్క ఏడు చూస్తే ఏమీ తెలియదు. 1432, 1433వి కూడా తీయించి పక్కపక్కన పెట్టండి. మూడేళ్లూ అక్షరం మారకుండా కందే ఉండి, పొలంలో మాత్రం జామాయిల్ చెట్లు నిలబడి ఉంటే, ఎవరూ పొలం మొహం చూడకుండా పాతది ఎక్కించారని అర్థం. అలాంటి కాగితంలో అనుభవదారు పేరును మాత్రం ఏం నమ్ముతాం? పొగాకు మళ్లు కనిపిస్తే వేసినవాడెవరో అడగండి. కౌలుదారు కావచ్చు. కౌలు కూడా అరబ్బీదే, ఇచ్చిన మాట అని అర్థం. పొగాకు కొట్టుడు పూర్తయ్యేదాకా పొలం అతనిదే అని అమ్మే ఆయన మాట ఇచ్చి ఉంటే, రిజిస్ట్రేషన్ అయినా మీ తమ్ముడు అరక దింపడానికి వేసవి దాకా ఆగాల్సిందే.