ఫ్యాను లెక్కలో 1728 ఎందుకు వస్తోంది?

"ఫ్యాను కొన్నవెల రూ.1200. 20% రాయితీ ఇచ్చినా 20% లాభం రావాలి, ప్రకటన వెల ఎంత? నాకు 1728 వస్తోంది, పుస్తకంలో 1800 ఉంది. నోట్సు ఫోటో పెట్టాను."

ఫోటోలో మూడో లైను చూడండి. 1440కి మళ్లీ 20% కలిపారు, తప్పు అక్కడే ఉంది. రాయితీని లెక్కకట్టేది ప్రకటన వెల మీద, అమ్మినవెల మీద కాదు.

1. లాభం కొన్నవెల మీద: 1200 × 120/100 = 1440. ఇది అమ్మినవెల. ఇంతవరకు మీరు కరెక్టుగానే చేశారు.

2. ప్రకటన వెల 100 అనుకోండి. 20 తగ్గిస్తే కొనేవాళ్లు కట్టేది 80. అంటే మీ దగ్గరున్న 1440 ఆ 80కి సమానం. చాలామంది దాన్నే 100 అనుకుని 20% కలిపేస్తారు. మా అబ్బాయి కూడా రెండుసార్లు ఇలాగే చేశాడు.

3. 1440 × 100/80 = 1800.

సరిచూడాలంటే వెనక్కి రండి. 1800లో 20% అంటే 360. అది తీసేస్తే 1440, సరిపోయింది. అదే 1728లో 20% తీస్తే 1382.40 మిగులుతుంది. అప్పుడు లాభం 182.40 మాత్రమే, అంటే 15.2%.

రాయితీ 10% అని ఇస్తే 80 బదులు 90 వేయండి.