సగం సగం అనుకుని మొదలుపెట్టిన ఛానెల్: లెక్క ఎలా మార్చుకున్నాం, కాగితంలో ఏం రాసుకున్నాం

ప్రశ్న: నేను, నా ఫ్రెండ్ కలిసి రెండేళ్లుగా యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాం. కెమెరా ముందు వాడుంటాడు, షూటింగ్, ఎడిటింగ్ నావి. నెలకు అరవై, డెబ్బై వేలు వాడి ఖాతాలోకే వస్తాయి. సగం సగం పంచుకోవడం న్యాయమేనా? రేపు ఒకరు మానేస్తే ఏంటి? కాగితం మీద ఏం రాసుకోవాలి?

జవాబు:

మీలాగే నాదీ ఎడిటింగే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గదిలో మొదలైంది మా ఛానెల్. మిక్సీలు, గ్రైండర్లు విప్పి బాగుచేసే వీడియోలు. రిపేరు చేసేది నా స్నేహితుడు, మిగతా పనంతా నాది. సగం సగం అని మాట అనుకున్నాం. యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా వాడి పేరు మీద, వాడి పాన్ మీద ఉండేది. మూడేళ్లకు వాడికి పెళ్లయి విజయవాడ వెళ్లిపోయాడు. నేను మలక్‌పేటలో ఇంకో మెకానిక్‌ను పట్టుకుని వీడియోలు ఆపకుండా పెట్టాను. డబ్బు మాత్రం పాత ఖాతాలోకే పోయేది. అందులో సగమే నాకొచ్చేది, కొత్తతనికి వీడియోకింతని నా సగంలోంచే ఇచ్చేవాణ్ని. ఇలా ఏడు నెలలు. అడిగితే "ఛానెల్ నాది కూడా కదరా" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నేను చేస్తున్న పని కూడా నిజమే. ఈ రెండూ ఒకే "సగం"లో ఇరుక్కుపోయాయి, అదీ అసలు చిక్కు.

అందుకే పనికి వచ్చే డబ్బును, యజమానిగా వచ్చే డబ్బును విడదీయండి. కాగితం లేకపోతే చట్టం మీ బదులు నిర్ణయం చేసేస్తుంది. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభం సమానంగా పంచుకోవాలి. భాగస్వామి తాను చేసిన పనికి జీతం అడగలేడు. రాత్రంతా కూర్చుని ఎడిట్ చేసినా, అసలు రాకపోయినా వాటా ఒకటే.

ఇప్పుడు ఆ మలక్‌పేట మెకానిక్, నేను భాగస్వాములం. ఒక నెల లెక్క చెప్తాను. ఖాతాలోకి 72,000 వచ్చింది. విడిభాగాలు, పెట్రోలు, సాఫ్ట్‌వేర్ కలిపి ఖర్చు 10,000 పోతే 62,000. కెమెరా నా డబ్బుతో కొన్నాను, 80,000 అయింది. నెలకు 5,000 చొప్పున 16 నెలల్లో నాకు తీరుతుంది, వాటాతో దానికి సంబంధం లేదు. మిగిలింది 57,000. ఆ నెల ఆరు వీడియోలు పెట్టాం. వీడియోకు అతనికి 2,500, నాకు 3,500 అని రేటు రాసుకున్నాం. అతనికి 15,000, నాకు 21,000. మిగిలిన 21,000లో పన్నుకు 8,000 పక్కన పెట్టి, 13,000ను చెరి సగం చేసుకున్నాం. మొత్తం మీద అతనికి 21,500, నాకు కెమెరా బాకీతో కలిపి 32,500. ఆదాయం తక్కువొచ్చి వీడియో రేట్లకు చాలకపోతే ఇద్దరి రేటూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. ఎవరైనా ఒక నెల పని చేయకపోతే వీడియో డబ్బు ఆగుతుంది, వాటా ఆగదు. అప్పటి నుంచి ఎవరు ఎక్కువ కష్టపడ్డారన్న వాదన రాలేదు.

రేటు అంకెలతో కాగితంలో ఉండటం పన్నుకూ అవసరం. పనిచేసే భాగస్వామి జీతాన్ని ఫర్మ్ ఖర్చుగా చూపించాలంటే ఎంతో, ఎలా లెక్కకట్టాలో భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, అంటే డీడ్‌లో రాసి ఉండాలి, చట్టం పెట్టిన హద్దులోపలే ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి అలాంటి జీతం ఒక భాగస్వామికి ఏడాదికి 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. ఈ ముక్క మీ సీఏతో మాట్లాడండి.

ఇక ఛానెల్ ఎవరిదన్నది. ఒక ఛానెల్‌ను పలువురు కలిసి నడపడానికి ఉండే బ్రాండ్ అకౌంట్‌లో ఎంతమంది ఓనర్లున్నా ప్రధాన యజమాని, అంటే Primary owner ఒక్కరే. కొత్తవాళ్లను ఓనర్‌గా చేర్చాక ఏడు రోజులు ఆగితేనే ఆ హోదా వాళ్లకు మార్చడానికి వీలవుతుంది. కాబట్టి గొడవయ్యాక చూద్దాంలే అనుకోకండి, ఇద్దరూ బాగున్నప్పుడే మిమ్మల్ని ఓనర్‌గా చేర్పించుకోండి. డీడ్‌లో ఛానెల్ పేరు, లోగో, లాగిన్ మెయిల్, రికవరీ ఫోన్ నంబరు, యాడ్‌సెన్స్ అన్నీ ఫర్మ్ ఆస్తి అని విడివిడిగా రాయండి. ఫర్మ్‌కు పాన్ తీసి, కరెంట్ ఖాతా తెరిచి, ఫర్మ్ పేరు మీద యాడ్‌సెన్స్ పెట్టండి. ఇప్పుడు మీ డబ్బు మీ ఫ్రెండ్ పాన్ మీద వస్తోంది, అంటే మొత్తం ఆదాయం పన్ను కాగితాల్లో వాడిదిగా కనిపిస్తుంది. మా పాతవాడు నా సగంలోంచి పన్ను కోసుకున్నాడు. ఎంత కోశాడో సరిచూసే దారి నాకు లేకపోయింది.

వీడియోల హక్కుల దగ్గర చాలామంది జారుతారు. కాపీరైట్ రాతపూర్వకంగానే బదిలీ అవుతుంది. కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. అందుకే మేం "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని రాసుకున్నాం. దాని కిందే, వెళ్లిపోయినవాళ్లు తమ ముఖం ఉన్న పాత వీడియోలు తీసేయమని అడగకూడదని ఇంకో వాక్యం చేర్చాం.

మానేసే షరతు మీద ఎక్కువ సేపు కూర్చోండి. గడువు, రద్దు షరతు రాయకపోతే ఏ భాగస్వామైనా రాతపూర్వక నోటీసుతో ఫర్మ్‌ను రద్దు చేయొచ్చు. ఉన్నదే ఇద్దరు, అందులో ఒకరు వెళ్తే ఫర్మ్ మిగలదు. అందుకని మేం ఇలా రాసుకున్నాం: 60 రోజుల నోటీసు, ఆ తర్వాత ఛానెల్ ఉండిపోయినవాళ్లది, వెళ్లినవాళ్లకు పాత వీడియోల మీద మాత్రమే డబ్బు. వెళ్లే రోజున యూట్యూబ్ స్టూడియో Analyticsలో పాత వీడియోలన్నీ ఒక Groupగా చేస్తాం. ఒక గ్రూపులో 500 వీడియోల దాకా పడతాయి, ఎక్కువుంటే రెండు గ్రూపులు. నెలనెలా ఆ గ్రూపు ఆదాయం అందులో కనిపిస్తుంది. మొదటి ఏడాది దానిలో 25 శాతం, రెండో ఏడాది 12 శాతం, తర్వాత ఏమీ లేదు. గ్రూపుకు 40,000 వచ్చిన నెల వెళ్లినతనికి 10,000. స్టూడియోలో ఉండేది అంచనా, ఖాతాలో పడేది కొంచెం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఖాతాలో పడిన దాన్నే లెక్కలోకి తీసుకుంటామని రాయాలి. ఈ శాతాలు మా బేరం, మీవి మీరు తేల్చుకోండి. పాత స్నేహితుడితోనూ చివరికి ఇలాగే, వాడున్న 112 వీడియోల గ్రూపు చూపించి సెటిల్ చేసుకున్నాను. ఫోన్ స్క్రీన్ మీద ఆ అంకె చూశాకే మెత్తబడ్డాడు. కొత్త వీడియోల ఆదాయం ఎంత వేరుగా ఉందో అప్పటిదాకా వాడికీ తెలియదు.

డీడ్‌ను స్టాంపు పేపరు మీద రాయించి రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ భాగస్వామి, ఒప్పందంలోని హక్కు కోసం తోటి భాగస్వామి మీద దావా వేయలేడు. ఫర్మ్ రద్దు కోసమో, రద్దయిన ఫర్మ్ లెక్కల కోసమో మాత్రం వేయొచ్చు. ఈ వారం ముందు ఓనర్‌గా చేరిపోండి, తర్వాత గత ఆరు నెలల్లో ఎన్ని వీడియోలు, ఎవరి పని ఎంత అన్నది ఇద్దరూ విడివిడిగా రాసి పక్కపక్కన పెట్టుకోండి. మీ వీడియో రేట్లు అందులోంచే తేలతాయి.