ఫోన్‌లో ఇచ్చిన మాట, డైరీలో రాసుకున్న అంకె

ప్రశ్న: నా క్రెడిట్ కార్డు బాకీ రూ.1,36,400. బ్యాంకు నుంచి ఫోన్ చేసినావిడ రూ.62,000 ఒకేసారి కడితే మిగతాది మాఫీ అన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆ మాటలు డైరీలో రాసుకున్నాను. రేపు కాదంటే ఈ రాత చెల్లుతుందా? - పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఒక్క డైరీ రాతతో ఒప్పందం రుజువు కాదండీ. మీకు అనుకూలంగా మీరే రాసుకున్నారని అవతలివాళ్లు అంటారు. అలాగని అది పనికిరానిదీ కాదు. విషయం ఇంకా గుర్తుండగా రాసుకున్న కాగితాన్ని చూసి, సాక్షి కోర్టులో జ్ఞాపకం చేసుకోవచ్చని భారతీయ సాక్ష్య అధినియం 162వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ రాత ఎప్పటిదన్న అనుమానం రాకూడదు. డైరీలో తేదీ ఎవరైనా వెనక్కి వేసుకోవచ్చు. ఈమెయిల్‌ అయితే అలా కుదరదు.

కాబట్టి ఈ రోజే, బ్యాంకులో నమోదైన మీ మెయిల్ నుంచి బ్యాంకు ఫిర్యాదుల చిరునామాకు ఇలా రాయండి:

"09-06-2025, సోమవారం, ఉదయం 11.20కి ఫలానా నంబరు నుంచి మీ సిబ్బంది ఫలానా వారు ఫోన్ చేశారు. చివరి నాలుగు అంకెలు ఫలానా అయిన నా కార్డుకు జూన్ 20లోగా రూ.62,000 ఒకేసారి కడితే మిగిలిన రూ.74,400 మాఫీ అన్నారు. జీఎస్టీ ఇందులో కలిసిందా అని అడిగితే స్పష్టంగా చెప్పలేదు. ఇందులో తప్పుంటే రాతపూర్వకంగా తెలపండి. సెటిల్‌మెంట్ లెటర్ పంపండి. ఈ కాల్ రికార్డింగ్ భద్రపరచండి."

ఆవిడ అన్నది, మీరు అర్థం చేసుకున్నది కలిపేయకండి. "మాఫీ చేస్తాం" అన్నారా, "మాఫీకి పైకి పంపుతాం" అన్నారా? కేసు ఇక్కడే నిలుస్తుంది, ఇక్కడే పడిపోతుంది. రెండో మాటకు అసలు హామీ అన్న అర్థమే లేదు. స్పష్టత రాని జీఎస్టీ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తే మీ మాటకు నమ్మకం పెరుగుతుంది. తర్వాత ఏదైనా గుర్తొస్తే పాత మెయిల్ జోలికి పోకుండా, ఆ రోజు తేదీతో ఇంకోటి పంపండి.

"జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే" అన్న వాక్యం మాత్రం వద్దు. మౌనం అంగీకారం కాదు. కానీ విషయం సకాలంలో వాళ్లకు చేరిందనీ, చూసి కూడా కాదనలేదనీ చూపడానికి ఆ మెయిల్ ఉపయోగపడుతుంది. ఫిర్యాదుగా పంపితే, 30 రోజుల్లో పరిష్కారం రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in ద్వారా, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

సెటిల్‌మెంట్ లెటర్ చేతికి రాకముందు ఒక్క రూపాయీ కట్టకండి. గడువు దాటిపోతుందని తొందరపెట్టినా సరే, ఆ గడువునే లెటర్‌లో రాసిమ్మనండి. కట్టేటప్పుడు కార్డు ఖాతాకే కట్టాలి, ఏజెంటు సొంత యూపీఐకి కాదు. ఇలా తగ్గించి కట్టిన బాకీ క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత అప్పు పుట్టడం కష్టమవుతుంది. మిగతాది కూడా కట్టగలిగే స్తోమత ఉంటే ముందు ఆ సంగతి ఆలోచించండి.