ఆగిన పెన్షను, వేలిముద్రల తంటా

“నాన్నగారు గుంతకల్లులో రిటైరైన రైల్వే ఉద్యోగి. నవంబరులో వేలిముద్ర పడక, బతికున్నట్టు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేకపోయాం. డిసెంబరు నుంచి పెన్షను రావడం లేదు. ఆ డబ్బు పోయినట్టేనా?”

పోలేదండీ, ఆగిందంతే. సర్టిఫికెట్ ఇప్పుడిచ్చినా బ్యాంకు పెన్షనును మళ్లీ మొదలుపెట్టి, ఆగిన నెలల బకాయి కూడా జమ చేస్తుంది. మూడేళ్లు దాటితేనే పైఅధికారుల అనుమతి కావాలి.

వయసు పైబడితే వేలిగీతలు అరిగిపోతాయి, యంత్రంతో కుస్తీ పట్టకండి. మీ ఫోనులో Jeevan Pramaan, AadhaarFaceRD యాప్‌లు పెట్టుకుని, నాన్నగారి ముఖాన్ని మంచి వెలుతురులో స్కాన్ చేయండి. లేదా ఆయన్ను బ్యాంకుకు తీసుకెళ్లి కాగితం మీదే ఇప్పించండి.

ఒక్క జాగ్రత్త. యాప్‌లో సర్టిఫికెట్ పంపాక వచ్చే ప్రమాణ్ ఐడీ అనే నంబరు రాగానే పని అయిపోయిందనుకోకండి. అనంతపురంలో మా మామయ్యకు ఐడీ వచ్చింది, రెండు నెలలైనా డబ్బు రాలేదు. పెన్షను మంజూరు ఉత్తర్వు మీద ఉండే పీపీఓ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాం, తప్పు నాదే. జీవన్ ప్రమాణ్ వెబ్‌సైటులో స్థితి చూస్తే తిరస్కరించినట్టు ఉంది. సరిచేసి మళ్లీ పంపాక బకాయితో సహా పడింది. అందుకని పీపీఓ పుస్తకం ఎదురుగా పెట్టుకుని నింపండి, కొన్ని రోజులాగి స్థితి చూడండి.

నాన్నగారికి 80 నిండితే లైఫ్ సర్టిఫికెట్‌ను అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు.